బల్బుల పెట్టె వెనక్కి పంపాలి, ఉత్తరం ఎలా రాయాలి?

ప్రశ్న: మేడమ్, మాది పర్లాకిమిడి. బీకాం ఆఖరి సంవత్సరం చదువుతూ సాయంత్రాలు ఒక ఎలక్ట్రికల్ షాపులో కొనుగోళ్లు, బిల్లులు చూస్తున్నాను. విశాఖ నుంచి వచ్చిన 300 ఎల్‌ఈడీ బల్బుల్లో 64 సరిగ్గా వెలగడం లేదు. మా షావుకారు ఫోన్‌లో గట్టిగా అరిచారు. అప్పట్నుంచి సప్లయర్ ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు నన్ను మెయిల్ రాయమన్నారు. ఆయన చెప్పినట్టే రాస్తే గొడవవుతుందని, మెత్తగా రాస్తే డబ్బు రాదని టెన్షన్‌గా ఉంది. నా డ్రాఫ్టు, టెస్టింగ్ కాగితం ఫోటో పంపుతున్నాను. ఈ పని నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: ముందు ఆ కాగితం గురించి మాట్లాడతానమ్మా, ఎందుకంటే డ్రాఫ్టు కంటే అదే నాకు బాగా నచ్చింది. నోటుబుక్కు పేజీలో పెట్టెకొక వరుస గీశారు. వెలిగిన బల్బుకు టిక్కు, మినుకుమినుకుమనే దానికి సున్నా, అసలు వెలగనిదానికి ఇంటూ పెట్టారు. మొదటి పెట్టెలో 3, రెండో పెట్టెలో 2, మూడో పెట్టెలో 59 పాడయ్యాయి. మూడో పెట్టె బ్యాచ్ నంబరు మిగతా రెండింటి కంటే వేరని పేజీ మూలన చిన్న అక్షరాలతో రాశారు. మీ ఉత్తరానికి ప్రాణం ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది. డ్రాఫ్టులో మాత్రం ఆ మాటే లేదు, '300లో 64 పాడు' అని ఊరుకున్నారు.

200 బల్బుల్లో 5 పోవడం ఈ వ్యాపారంలో మామూలే. వాటిని గ్యారంటీ కింద ఎప్పటిలాగే మార్పిస్తారు. ఒకే బ్యాచ్‌లో 100కి 59 పోయాయంటే అది తయారీలో వచ్చిన లోపం. రెండింటినీ ఒకే లెక్కలో కలిపితే సప్లయర్‌కు మీ ఫిర్యాదు రోజూ వినే సణుగుడులా కనిపిస్తుంది. విడదీసి చూపిస్తే కాదనడానికి వీలుండదు. అందుకే ఆ ఐదింటినీ ఈ ఉత్తరంలోకి తేకండి. అలాగే 59కి బదులు అడగడం కాదు, మూడో పెట్టె మొత్తం 100 వెనక్కి తీసుకోమనండి. ఈరోజు వెలుగుతున్న మిగతా 41 కూడా ఆ బ్యాచ్‌వే. అమ్మేస్తే నెల తిరక్కుండా గుణుపూర్ నుంచో కాశీనగర్ నుంచో గిరాకీలు వాటిని పట్టుకుని మీ కౌంటరు ముందు నిలబడతారు.

ఇక డ్రాఫ్టులో 'మోసం చేశారు' అన్న మాట తీసేయండి. విశాఖలోని ఆ హోల్‌సేల్ ఆయన బల్బులు తయారు చేయరు. ఆయన కూడా కంపెనీ దగ్గర కొన్నవారే. మీకు బదులు సరుకు ఇచ్చాక ఆ నష్టాన్ని కంపెనీ నుంచి రాబట్టుకోవాలి, అందుకు ఆయనకు ఆధారం కావాలి. కాబట్టి మీ మెయిల్‌ను ఆయన ఒక్క అక్షరం మార్చకుండా కంపెనీకి ఫార్వర్డ్ చేసుకోగలిగేలా రాయండి. 'మోసం' అన్న మాట ఉన్న మెయిల్‌ను ఎవరూ పైకి పంపరు. బ్యాచ్ నంబరు, లెక్క, ఫోటోలు ఉన్న మెయిల్‌ను వెంటనే పంపుతారు. మెత్తగా రాయాలా, గట్టిగా రాయాలా అన్న మీ సందేహానికి నా జవాబు ఇదే. గట్టితనం వివరాల్లో ఉండాలి, మాటలో మర్యాద తగ్గకూడదు.

'వినియోగదారుల కోర్టుకు వెళ్తాం' అన్న వాక్యం కూడా తీసేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తిరిగి అమ్మడానికి సరుకు కొన్నవారు వినియోగదారులు కారు. ఏళ్ల తరబడి వ్యాపారంలో ఉన్న మనిషికి ఆ సంగతి తెలిసే ఉంటుంది. చెల్లని బెదిరింపు ఒక్కటి కనిపిస్తే మిగతా ఉత్తరం కూడా తేలికైపోతుంది. మీకు వర్తించేది 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం. అందులో రెండు విషయాలు మీరు గుర్తుంచుకోవాలి. సరుకు అందాక తగిన గడువులో తిరస్కరిస్తున్నామని చెప్పకుండా ఉంచుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క. తిరస్కరించాక దాన్ని సప్లయర్ సరుకుగానే చూడాలి. అందుకని మెయిల్ ఈరోజే వెళ్లాలి, ఆ పెట్టెలోంచి ఒక్క బల్బు కూడా అమ్మకూడదు. వేరే ఒప్పందం లేకపోతే, తిరస్కరించిన సరుకును మీ ఖర్చుతో చేరవేయాల్సిన బాధ్యత కూడా మీ మీద ఉండదు. వద్దన్నామని తెలియజేస్తే చాలు.

మెయిల్ పంపేముందు ఒక పని మిగిలింది. సప్లయర్ మొదట అనేది 'మీ ఊళ్లో వోల్టేజి సరిగా ఉండదు' అనే. దానికి ఇప్పుడే జవాబు సిద్ధం చేసుకోండి. బల్బు ఎంత వోల్టేజి నుంచి ఎంత వరకు పనిచేస్తుందో డబ్బా మీద ముద్రించి ఉంటుంది. మీ టెస్టింగ్ బోర్డు దగ్గర మల్టీమీటరు పెట్టి రీడింగు రాసుకోండి. ఒకే హోల్డరులో ముందు మూడో పెట్టె బల్బు, వెంటనే మొదటి పెట్టె బల్బు పెట్టి, మీటరు కూడా కనబడేలా చిన్న వీడియో తీయండి. ఒకటి మినుకుమని, రెండోది నిలకడగా వెలిగితే వోల్టేజి వాదన అక్కడితో ఆగిపోతుంది. ట్రాన్స్‌పోర్టులో దెబ్బతిన్నాయని కూడా అనొచ్చు. పెట్టె నలగలేదని, బల్బులు పగల్లేదని చూపే ఫోటో దానికి జవాబు.

ఆ అట్టపెట్టెను మాత్రం పారేయకండి. కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో పనిచేశాను. ఒకసారి రబ్బరు గాస్కెట్లు చీలిపోతున్నాయని పేజీన్నర ఉత్తరం రాశాను. సప్లయర్ ఒక్క ముక్క అడిగాడు: ప్యాకింగ్ మీదున్న బ్యాచ్ నంబరు ఎంత? ప్యాకింగ్ అప్పటికే చెత్తలోకి పోయింది. ఆ సరుకుకు పైసా రాలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మీ అంకెలతోనే ఉత్తరం ఇలా రాయొచ్చు. సప్లయర్ తెలుగువారే కాబట్టి తెలుగులో రాస్తే తప్పేమీ లేదు. కంపెనీకి పంపాల్సి వస్తుంది కనుక కిందనే ఇంగ్లిష్‌లో కూడా ఇవే వాక్యాలు పెట్టండి.

విషయం: బిల్లు నం. ......, తేదీ ...... – 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు – బ్యాచ్ నం. ...... పెట్టె (100) తిరస్కరణ, మార్పిడి కోసం

నమస్కారమండీ. పై బిల్లు కింద మీరు పంపిన 300 బల్బులు ...... తేదీన మాకు అందాయి. అన్నింటినీ టెస్ట్ చేశాము. పై బ్యాచ్ పెట్టెలోని 100 బల్బుల్లో 59 వెలగడం లేదు లేదా మినుకుమంటున్నాయి. అదే బోర్డు మీద, అదే వోల్టేజిలో మిగతా రెండు పెట్టెల బల్బులు దాదాపు అన్నీ బాగా వెలుగుతున్నాయి. టెస్టింగ్ వివరాలు, పెట్టె ఫోటో, వీడియో జతచేశాము.

లోపం ఈ బ్యాచ్‌లో ఉన్నట్టు కనిపిస్తున్నందున ఈ పెట్టె మొత్తాన్ని తిరస్కరిస్తున్నాము. వేరే బ్యాచ్ నుంచి 100 బల్బులు ...... తేదీలోపు పంపగలరు. వీలుకాని పక్షంలో రూ. 7,080కి క్రెడిట్ నోట్ ఇవ్వగలరు. సరుకు ప్యాకింగ్‌తో సహా మా దగ్గర భద్రంగా ఉంది. మీరు ఏ ట్రాన్స్‌పోర్టు చెబితే అందులో మీ ఖర్చు మీద వేస్తాము. మిగతా 200 బల్బుల సొమ్ము రూ. 14,160 గడువు తేదీకి చెల్లిస్తాము.

ఇందులో 'వేరే బ్యాచ్ నుంచి' అన్న మాట ఎట్టి పరిస్థితుల్లో వదలకండి. ఆ మాట లేకపోతే గోడౌన్‌లో మిగిలిన అదే బ్యాచ్ పెట్టె మళ్లీ మీకే వస్తుంది. చాలామంది అక్కడే దెబ్బతింటారు. కొత్త పెట్టె రాగానే ముందు నంబరు చూసి, తర్వాతే విప్పండి.

సొమ్ము లెక్క మీ బిల్లు ప్రకారమే వేశాను. బల్బు 60 రూపాయల చొప్పున 100కి 6,000, దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 1,080. మీ షావుకారు మొత్తం బిల్లు, అంటే 21,240 ఆపేశారని రాశారు. అది మంచిది కాదని నెమ్మదిగా చెప్పండి. బాగున్న సరుకు డబ్బు కూడా ఆపితే గొడవ బల్బుల మీంచి బాకీ మీదకు మళ్లుతుంది, తప్పు మీ వైపు కనిపిస్తుంది. పాడైన పెట్టె విలువ మాత్రమే ఆపండి.

'వచ్చే బిల్లులో తగ్గించేస్తాలే' అని సప్లయర్ నోటిమాటగా అంటే మర్యాదగా వద్దనండి. సరుకు వెనక్కి వెళ్లినప్పుడు పాత బిల్లు నంబరుతో, పన్ను కూడా చూపిస్తూ క్రెడిట్ నోట్ ఇవ్వాలి. మీరు ఆ 1,080 ఇన్‌పుట్ క్రెడిట్ ముందే తీసుకుని ఉంటే అప్పుడు దాన్ని వెనక్కి వేయాలి. ఇది మీ అకౌంటెంట్‌కు అదేరోజు చెప్పండి. బదులు సరుకే వస్తే పాత బిల్లు నంబరు రాసిన చలాన్ అడగండి, లేకపోతే స్టాకు లెక్క తేలదు.

మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా అదే మెయిల్‌కు రిప్లై చేసి రెండు వాక్యాలు రాయండి. ఆ తర్వాత ఫోన్ మీరే చేయండి, షావుకారు చేత చేయించకండి. 'అన్నయ్యగారూ, మెయిల్ పెట్టాను, కంపెనీకి పంపడానికి ఇంకేమైనా వివరం కావాలా?' అని అడిగితే పలుకుతారు. ఫోన్ పెట్టేయగానే 'ఇప్పుడు మాట్లాడుకున్నట్టు, సోమవారం పెట్టె పంపుతామన్నారు' అని మళ్లీ మెయిల్ చేయండి. నోటిమాట కాగితం మీదకు వచ్చేది అలాగే.

ఉద్యోగం సంగతి. రాయగడ దగ్గర జేకే పేపర్ మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్ లాంటి చోట్ల స్టోర్స్, పర్చేజ్ విభాగాల్లో జరిగే పని ఇదే. అక్కడ మీ నోటుబుక్కు పేజీని ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అంటారు, మీ మెయిల్‌ను రిజెక్షన్ నోట్ అంటారు. చిన్న తయారీ యూనిట్ల నుంచి కొనేటప్పుడు అక్కడ ఇంకో గడువు కూడా చూస్తారు. ఎంఎస్‌ఎంఈ చట్టం కింద అలాంటి సప్లయర్‌కు చెల్లింపు గడువు సరుకు అందిన రోజు నుంచే లెక్కిస్తారు. అభ్యంతరాన్ని 15 రోజుల్లోపు రాసి ఇస్తేనే ఆ లెక్క, అభ్యంతరం తీరిన రోజుకు జరుగుతుంది.

ఇంటర్వ్యూలో 'సప్లయర్ పాడైన సరుకు పంపితే ఏం చేస్తావ్?' అని అడిగితే ఈ పెట్టె కథే చెప్పండి: 100కి 59, బ్యాచ్ నంబరు, వీడియో, 14,160 చెల్లించి 7,080 ఆపడం. షావుకారు అనుమతి అడిగి, పేర్లు, ధరలు కొట్టేసిన కాపీ ఒకటి మీ ఫైల్లో పెట్టుకోండి.