మా ఆయన మావాళ్ళని ఏదో ఒకటి అంటూనే ఉంటాడు, ఎటు మాట్లాడాలి?

"మా అమ్మవాళ్ళనీ, నా ఫ్రెండ్స్‌నీ ప్రతిదానికీ వంక పెడతాడు. వాళ్ళ తరఫున మాట్లాడితే 'నీకు నాకంటే వాళ్ళే ఎక్కువ' అంటాడు, ఊరుకుంటే నాకు మనసొప్పట్లేదు. ఏం చేయాలి?"

పెళ్ళైన మొదటి నాలుగేళ్ళు మా ఇంట్లో రోజూ ఇదే గొడవండీ. అసలు గొడవ ఎక్కడ ముదిరిందంటే మా అన్నయ్య గృహప్రవేశం దగ్గర. పెద్దల్లుడింటికి వెళ్ళి బొట్టుపెట్టి పిలిచారు, మాకేమో వాట్సాప్‌లో కార్డు పడేశారు. ఇక ఈయన "మీ వాళ్ళకి మర్యాద తెలీదు, మీ వంశమే అంత" అని మొదలెట్టాడు, నేను వెంటనే "మా అన్నయ్య అలాంటోడు కాదు" అని ఎగబడ్డా, రెండ్రోజులు మాటల్లేవు.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే ఆయన మాటలో రెండున్నాయి. పిలుపు సరిగ్గా లేదన్నది నిజం, వంశం అంతా అంతే అన్నది నోటిదురుసు. ఆ రాత్రి "అలా పిలవడం తప్పే, నాకూ బాధేసింది, కానీ మా అమ్మానాన్నల్ని కలిపి అనకు" అన్నా. సగం కోపం అక్కడే దిగిపోయింది, ఎందుకంటే ఆయనకి కావాల్సింది ఆ ఒక్కమాట ఒప్పుకోవడమే. అన్నయ్యకి ఫోన్ చేసినప్పుడు కూడా "మీ బావ ఫీలయ్యాడు" అనలేదు, "నాకు నచ్చలేదురా అన్నయ్యా" అన్నా. ఆయన పేరు చెప్పుంటే ఇద్దరి మధ్యా మాటలు మోసేదాన్ని అయ్యేదాన్ని.

ఇంకోటి, చెప్పడానికి సిగ్గే గానీ, మావాళ్ళ మీద ఆయనకి అంత మెటీరియల్ ఇచ్చింది నేనే. వదినతో చిన్న మాటొస్తే ఆ రాత్రే ఆయన దగ్గర ఏడ్చేసేదాన్ని, రెండ్రోజులకి నేనూ వదినా కలిసిపోయేవాళ్ళం, ఆ సంగతి ఈయనకి చెప్పేదాన్ని కాదు, ఈయన లెక్కలో మాత్రం ఆ గొడవ అలాగే ఉండిపోయేది. ఇప్పుడు ఏడుపు చెప్తే రాజీ కూడా చెప్తున్నా.

ఫ్రెండ్ విషయం అలా కాదు. విడాకులు తీసుకున్న నా క్లాస్‌మేట్ ఒకామె ఉంది, "దాంతో తిరిగితే నీకూ అవే బుద్ధులొస్తాయి" అన్నాడు. ఆమె చేసిన తప్పేంటో చెప్పమంటే ఒక్కటీ చెప్పలేకపోయాడు. అక్కడ నేను తగ్గలేదు, వాదించనూ లేదు, "రెండో శనివారం కలుస్తున్నా, ఏడింటికి వచ్చేస్తా" అని చెప్పి వెళ్ళా, ఏడింటికే వచ్చా. అంతకుముందు బట్టలు ఆరేసే వంకతో డాబా మీదకెళ్ళి గుసగుసగా మాట్లాడేదాన్ని, ఒకరోజు ఆయన పైకొస్తే ఫోన్ బకెట్లో తడిబట్టల కింద దాచా (ఆ ఫోన్ స్పీకర్ ఇప్పటికీ గరగరే). మీరు కూడా అలా దాస్తుంటే ఒక్కసారి ఆగి చూడండి, దేనికి భయపడుతున్నారో.

నావి నోటిదురుసు మనిషితో పనికొచ్చిన మాటలు మాత్రమే. ఫోన్ చెక్ చేయడం, పుట్టింటికి పోనివ్వకపోవడం, అమ్మతో మాట్లాడిన ప్రతిసారీ మీద విరుచుకుపడటం ఉంటే మాత్రం ఇవేవీ పనిచేయవు, మావాళ్ళు మంచోళ్ళని ఆయనకి రుజువు చేసే పని ఆపేసి మీ అమ్మకి ఉన్నదున్నట్టు చెప్పండి, 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా ఉంది.