అన్నదమ్ముల మధ్య పండగల వంతులు

చిరంజీవి రవికి, కావలి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

పండగలన్నీ మీ వదిన మీదే పడుతున్నాయనీ, అన్నదమ్ములు ముగ్గురూ, చెల్లెలూ కలిసి నలుగురూ వంతులు వేసుకోవాలని అనుకుంటున్నారనీ రాశావు. మేమూ ఒకప్పుడు మనిషికో పండగ అని పంచుకుని చేయి కాల్చుకున్నవాళ్లమే. ఉగాది వచ్చినవాడు పచ్చడి, బొబ్బట్లతో ఒక్కపూట భోజనం పెట్టి బయటపడితే, సంక్రాంతి నా వంతుకు వచ్చి మీ పెద్దమ్మ అరిసెల పాకం దగ్గరే రెండు రాత్రులు కూర్చుంది.

అందువల్ల పండగలను కాక విస్తళ్లను లెక్కపెట్టండి. మీరు పదహారు మంది అనుకుందాం. ఉగాదికి ఒకపూట, అంటే 16 విస్తళ్లు. దసరాకు రెండు పూటలు, 32. భోగి, సంక్రాంతి, కనుమలకు ఆరు పూటలు, 96. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి మర్నాటి టిఫిను కూడా పెట్టిన తరువాతే చుట్టాలు బయలుదేరతారు. సంక్రాంతి చేసినవారు ఆరు ఉగాదులు చేసినట్లే.

కాబట్టి మీ అన్నదమ్ములు ముగ్గురిలో ఒకరు సంక్రాంతి, మరొకరు దసరా చేయాలి, మూడోవారికి ఆ ఏడు సెలవు. సంక్రాంతి చేసినవారికి మరుసటి ఏడు సెలవు, ఆపై ఏడు దసరా, తరువాత మళ్లీ సంక్రాంతి. చెల్లెలిని సంక్రాంతి వంతులో కలపవద్దు, అప్పుడు ఆమె పుట్టింటికి రావలసిన ఆడపడుచు. ఉగాది తానే చేస్తానంటే సంతోషమే, అయితే ముందుగా బావగారినీ, ఆమె అత్తగారినీ అడగండి. మీ నాన్న తద్దినాన్ని వంతుల్లో వేయకండి. కర్త పెద్దవాడు కనుక అది అన్నయ్య ఇంట్లోనే జరగాలి. వంటమనిషి కూలీ, బ్రాహ్మణుల దక్షిణ మాత్రం ముగ్గురూ సమంగా భరించండి.

హైదరాబాదులో ఒక పడకగది ఇంట్లో ఉన్న తమ్ముడు సంక్రాంతి ఎలా చేస్తాడని నీ సందేహం కదా. ఊళ్లో నాన్న కట్టిన ఇల్లుంది, అక్కడే చేస్తాడు. చిక్కల్లా ఒకటే: అతను భోగి పొద్దున బస్సు దిగితే, ఆ ఇంటికి రెండిళ్ల అవతల ఉన్న మీ వదిన అప్పటికే ఇల్లు కడిగించి, గ్యాసు బండ తెప్పించి, బియ్యం నానబోసి ఉంటుంది. అప్పుడు వంతు అతనిది, చాకిరీ ఆమెది అవుతుంది. అతనూ మరదలూ మూడు రోజుల ముందే రావాలనీ, పనిమనిషిని తామే కుదుర్చుకోవాలనీ ఇప్పుడే, అందరి ఎదుటా మాట్లాడుకోండి.

బట్టల సంగతి మరిచాను. వంతు వచ్చినవారే అందరికీ బట్టలు పెట్టాలంటే ఆ ఖర్చు భోజనాలను మించుతుంది. చెల్లెలికీ బావగారికీ పెట్టేవి ముగ్గురూ కలిసి కొనండి, మిగతావారు ఎవరి బట్టలు వారే కొనుక్కుంటారు. ఈ సంక్రాంతి మీ అన్నయ్యదే కానివ్వండి, వదిన సరుకులు తెచ్చేసుకుందని నీ ఉత్తరంలోనే ఉంది. వంతులు ఆ తరువాత మొదలుపెట్టండి.

మీ పెదనాన్న