‘ఏకగ్రీవం’ అని రాసిన పేజీని తిరగరాయొచ్చా?

ప్రశ్న: మా కాలనీ సంఘం రిజిస్టర్ అయింది. 60 మంది సభ్యులం. బోరు మోటారు కోసం ఇంటికి 2,000 రూపాయలు వసూలు చేయాలని సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ పెట్టాం. హాజరు సంతకాలు 38. ఓటింగ్‌కు ముందే నలుగురు వెళ్లిపోయారు. 19 మంది సరేనన్నారు, 12 మంది వద్దన్నారు, ముగ్గురు ఎటూ చెప్పలేదు. నేను అలవాటుగా ‘ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని రాసేశాను. వద్దన్న ఒకాయన కోర్టుకు పోతానంటున్నారు. ఆ పేజీ తీసేసి మళ్లీ రాయొచ్చా?
– సంఘం కార్యదర్శి, అనంతపురం

జవాబు: వద్దండీ. పేజీ చింపకండి, వైట్‌నర్ పూయకండి. ఇప్పుడున్నది ఒక తప్పు మాట మాత్రమే. పేజీ మారిస్తే మొత్తం పుస్తకాన్నే అనుమానిస్తారు.

ముందు మీ బైలాలో మెజారిటీని దేనిమీద లెక్కించమన్నారో చూడండి. ‘హాజరై ఓటు వేసినవారిలో’ అని ఉంటే, ఓటు వేసింది 31 మంది కాబట్టి 16 చాలు. ‘హాజరైనవారిలో’ అని ఉంటే 34 మందికి 18 కావాలి. రెండు లెక్కల్లోనూ మీ తీర్మానం నెగ్గినట్టే. కానీ ఆ నలుగురు వెళ్లిపోయిన సంగతి మినిట్స్‌లో లేకపోతే, అవతలివాళ్లు 38 సంతకాలు చూపించి ‘19 అంటే సరిగ్గా సగమే, మెజారిటీ ఎక్కడ?’ అని అడుగుతారు. అందుకే హాజరు వేరు, ఓటింగ్ వేళకు ఉన్నవారి సంఖ్య వేరుగా రాయాలి. కోరం ఉందో లేదో కూడా అప్పుడే చూసి రాయండి.

తప్పును వచ్చే సమావేశంలో, గత మినిట్స్ చదివి ఆమోదించేటప్పుడు దిద్దుకోండి. కొత్త పేజీలో ఇలా రాస్తే సరిపోతుంది: ‘గత సమావేశపు 3వ తీర్మానంలో ఏకగ్రీవం అని పొరపాటున నమోదైంది. ఓటింగ్ సమయానికి ఉన్నవారు 34. అనుకూలం 19, వ్యతిరేకం 12, తటస్థం 3. తీర్మానం మెజారిటీతో ఆమోదం పొందినట్టు సవరించడమైనది.’ తీర్మానం నంబరు మీ పుస్తకంలో ఉన్నదే వేసి, కింద అధ్యక్షుల సంతకం, తేదీ పెట్టించండి. పాత పేజీ అంచున ‘సవరణ ఫలానా పేజీలో’ అని రాసి, అక్కడా ఆయన పొడి సంతకం తీసుకోండి. ఇది రికార్డును సరిచేయడమే గానీ మళ్లీ ఓటింగ్ కాదు. బోరు సంగతి మళ్లీ తోడటానికి ఎవరైనా చూస్తే అధ్యక్షులే ఆపాలి.

వద్దన్న ఆయన తన పేరు నమోదు చేయమంటే చేయండి. హాజరు సంతకం పెట్టినంత మాత్రాన ఆయన ఒప్పుకున్నట్టు కాదు. చాలా సంఘాల్లో ఖాళీ పేజీ మీద ముందే సంతకాలు తీసుకుని, పైన తర్వాత తీర్మానం నింపుతారు. గొడవలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. పేజీ పైన ‘హాజరు’ అని రాసి, చివరి సంతకం కింద గీత కొట్టేయండి.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001, సెక్షన్ 23 కింద, సంఘం వ్యవహారాల్లో వివాదం వస్తే సభ్యుడు మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్లవచ్చు. కాబట్టి ఆయన మాటను ఉత్త బెదిరింపు అనుకోకండి. ఓటింగ్ రోజు రాసుకున్న చిత్తు కాగితం ఉంటే భద్రపరచండి.

ఒకవేళ మీ బైలా ‘మొత్తం సభ్యుల్లో మెజారిటీ’ అంటే మాత్రం 31 ఓట్లు కావాలి, మీకు వచ్చింది 19. అప్పుడు సవరణతో పని జరగదు. వసూలు ఆపి, నోటీసులో ఈ విషయం స్పష్టంగా రాసి, మళ్లీ సమావేశం పెట్టుకోండి.