గేట్‌వే కోసిన సొమ్ము: ఎంత టాక్సు, ఎంత రుసుము?

ప్రశ్న: సొంత వెబ్‌సైట్‌లో చీరలు అమ్ముతాను. శుక్రవారం పేమెంట్ గేట్‌వే ద్వారా కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ కలిపి రూ.10,000 వచ్చాయి. మంగళవారం బ్యాంకులో పడింది రూ.8,564. రిపోర్టులో tax అని ఉంది. 14 శాతం పన్ను కోశారా? ఇంత ఆలస్యమెందుకు?

జవాబు: మీ దగ్గర కోసిన పన్ను రూ.36 మాత్రమే అనుకుంటున్నాను. మీ ఒప్పందంలో రుసుము 2 శాతమైతే పదివేలకు రూ.200, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.36. మిగిలేది రూ.9,764. అక్కడినుంచి మీ ఖాతాలో పడిన మొత్తానికి తేడా రూ.1,200. పాత ఆర్డర్ ఏదైనా వెనక్కొచ్చి రీఫండ్ ఇచ్చారేమో చూడండి. గేట్‌వే దాన్ని ఆ తర్వాత వచ్చే చెల్లింపులో మినహాయించుకుంటుంది, కాబట్టి శుక్రవారం అమ్మకాల్లో వెతికితే అది దొరకదు. చాలా గేట్‌వేలు ఆ పాత ఆర్డర్ మీద తీసుకున్న రుసుమును కూడా తిరిగివ్వవు.

లెక్క వేసేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని రిపోర్టుల్లో fee కింద ఉన్న అంకెలోనే tax కలిసి ఉంటుంది. fee రూ.236, tax రూ.36 అని ఉంటే రెండూ తీసేయకండి, రూ.236 ఒక్కటే తీయాలి. ఈ tax ఆదాయపు పన్ను కాదు, టీడీఎస్ కాదు. సొంత సైట్‌లో అమ్మేవారికి గేట్‌వే సాధారణంగా టీడీఎస్ కోయదు. ఈ-కామర్స్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మితే లెక్క వేరు.

యూపీఐ వరుసలు విడిగా చూడండి. యూపీఐ, రూపే డెబిట్ కార్డులకు 2020 జనవరి నుంచి ఎండీఆర్, అంటే అమ్మేవారి నుంచి బ్యాంకులు తీసుకునే రుసుము, లేదు. అయినా కొన్ని గేట్‌వేలు తమ సేవా రుసుము తీసుకుంటాయి. మీ రిపోర్టులో అలా పడి ఉంటే ఒప్పందం తీసి చూసి, తగ్గించమని అడగండి. అడిగితే తగ్గించే అవకాశం ఉంటుంది.

ఆలస్యం సంగతి: చాలా ఒప్పందాల్లో సొమ్ము రెండు పనిదినాల తర్వాత వస్తుంది. శని, ఆదివారాలు లెక్కలోకి రాకపోతే శుక్రవారం అమ్మకం మంగళవారమే పడుతుంది. మధ్యలో బ్యాంకు సెలవుంటే ఇంకో రోజు. అంతకన్నా ఆలస్యమైతే సెటిల్‌మెంట్ స్థితి hold అని ఉందేమో చూడండి. కేవైసీ పత్రాల తేడా గానీ, కస్టమర్ వివాదం గానీ కారణం కావచ్చు. సొమ్ము వెళ్లిందని చూపిస్తూ ఖాతాలో లేకపోతే ఆ బదిలీకి గుర్తుగా ఇచ్చే UTR నంబరుతో బ్యాంకును అడగండి.

రెగ్యులర్ జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఆ రూ.36 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తుంది. గేట్‌వే ఖాతాలో మీ జీఎస్టీ నంబరు నమోదై ఉండాలి, నెలవారీ ఇన్‌వాయిస్ మీకు రావలసిన క్రెడిట్ చూపే జీఎస్టీఆర్-2బిలో కనిపించాలి. కాంపోజిషన్ పథకంలో ఉంటే ఆ క్రెడిట్ రాదు. పుస్తకాల్లో అమ్మకం కింద రూ.8,564 కాదు, రూ.10,000 రాయండి. రుసుమును ఖర్చుగా, రీఫండ్‌ను అమ్మకాల వాపసుగా చూపండి.