బండి అమ్మేశాక వచ్చిన ట్రిబ్యునల్ నోటీసు

"మారతహళ్లిలో ఉంటాను. మార్చిలో బైక్ అమ్మేశా, ఇన్సూరెన్స్ నా పేరునే ఉంది. కొన్నతను ఒకరిని గుద్దాడు. ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ నోటీసు నాకెందుకు?"

ఆర్‌సీ ఇంకా మీ పేరునే ఉండి ఉంటుంది. చట్టం దృష్టిలో ఆర్‌సీలో పేరున్నవారే ఓనర్. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

అందరూ వదిలేసేది ఇక్కడే: ఆర్‌సీలో పేరు మార్పుకు ఆర్‌టీవోలో ఇవ్వాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి కొన్నవాళ్ల చేతికిచ్చి ఊరుకుంటారు. అవి వాళ్ల బీరువాలోనే ఉండిపోతాయి. రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో కొత్త పేరు కనిపించేదాకా బండి మీదే అనుకోండి.

మరీ టెన్షన్ పడకండి. ప్రమాదం రోజున పాలసీ అమల్లో ఉంటే గాయపడిన వ్యక్తికి పరిహారం మామూలుగా ఇన్సూరెన్స్ కంపెనీయే కడుతుంది. ఉదాహరణకు 6 లక్షలు కట్టమన్నారనుకోండి, నడిపినతనికి లైసెన్స్ ఉంటే మీ జేబుకు చిల్లు పడదు. లేకపోతే కంపెనీ ముందు కట్టి, ఆ 6 లక్షలు మీ దగ్గర వసూలు చేసుకునే ప్రమాదం ఉంది.

1. పాలసీ నంబర్, నోటీసు కాపీతో కంపెనీకి ఈరోజే రాతపూర్వకంగా తెలపండి.
2. డెలివరీ నోట్, డబ్బు అందిన బ్యాంకు స్టేట్‌మెంట్, కొన్నతని లైసెన్స్ కాపీ తీసిపెట్టుకోండి.
3. వాయిదాకు లాయర్‌తో హాజరై, కొన్నతన్ని కూడా పార్టీగా చేర్చమని అడగండి. వెళ్లకపోతే మీ మాట వినకుండానే తీర్పు వచ్చేస్తుంది.