పై ఫోల్డర్‌లో ఎడిటర్, సబ్‌ఫోల్డర్‌లో మాత్రం వ్యూయర్: గూగుల్ డ్రైవ్‌లో కుదురుతుందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ రికార్డులన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. కమిటీలో ఐదుగురికీ దానికి ఎడిటర్ ఇచ్చాను. లోపలున్న "బ్యాంకు" ఫోల్డర్‌లో మాత్రం వాళ్ళు చూడగలిగితే చాలు, మార్చకూడదు. అక్కడ వాళ్ళని వ్యూయర్‌కి తగ్గిద్దామంటే కుదరట్లేదు. ఎందుకు? మిగతా 24 ఫ్లాట్ల వాళ్ళకి కూడా ఫోల్డర్ చూపించాలి, ఆడిటర్ గారు లెక్కలు చూసి కామెంట్లు రాయాలి. ఎలా అమర్చుకోవాలి?

జవాబు:

కుదరదండీ. డ్రైవ్‌లో పర్మిషన్ పైనుంచి కిందికి దిగుతుంది, దిగేకొద్దీ పెరగగలదే తప్ప తగ్గదు. పై ఫోల్డర్‌లో వ్యూయర్‌గా ఉన్న మనిషిని సబ్‌ఫోల్డర్‌లో ఎడిటర్ చేయొచ్చు. పైన ఎడిటర్‌గా ఉన్న మనిషిని కింద వ్యూయర్ చేయలేరు. ఒకే మనిషికి రెండు దారుల్లో రెండు పాత్రలు వస్తే, వాటిలో పెద్దదే పనిచేస్తుంది. ఇదివరకు మై డ్రైవ్‌లో సబ్‌ఫోల్డర్ దగ్గర ఒకరి పేరు తీసేయడం వీలయ్యేది. అందుకే పాత వీడియోల్లో, పాత పోస్టుల్లో "లోపలికెళ్ళి తీసేయండి" అని కనిపిస్తుంది. 2025లో ఆ పద్ధతి మారింది, ఇప్పుడు ఆ సలహా పట్టుకుంటే ముందుకు సాగదు.

కాబట్టి మీ అమరికని తిరగేయాలి. పైన అందరికీ తక్కువ ఇచ్చి, ఎవరికి ఎక్కడ పని ఉందో ఆ సబ్‌ఫోల్డర్‌లో మాత్రమే పెంచండి. బ్యాంకు ఫోల్డర్ సంగతి వేరు. దాని గోప్యతని పాత్రలతో సాధించలేరు, దానికి వేరే సెట్టింగ్ ఉంది. ముందు అదే చేయండి, ఎందుకంటే ఫ్లాట్ల వాళ్ళని పై ఫోల్డర్‌లోకి చేర్చిన మరుక్షణం బ్యాంకు కాగితాలు కూడా వాళ్ళకి తెరుచుకుంటాయి.

బ్యాంకు ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి Share తెరవండి. ఆ పెట్టెలో సెట్టింగ్స్‌కి వెళ్తే, ఆ ఫోల్డర్‌కి యాక్సెస్‌ని పరిమితం చేసే ఆప్షన్ ఉంటుంది. ఓనర్ అకౌంట్‌తో దాన్ని ఆన్ చేయండి. ఆ తర్వాత పై ఫోల్డర్ నుంచి దిగే పర్మిషన్లేవీ ఈ ఫోల్డర్‌లోకి రావు, ఇక్కడ నేరుగా చేర్చినవాళ్ళు మాత్రమే తెరవగలరు. ట్రెజరర్‌ని ఎడిటర్‌గా, మిగతా నలుగురు కమిటీ సభ్యుల్ని వ్యూయర్‌గా పేరు పేరునా చేర్చండి. మీరు అడిగిన "చూడాలి, మార్చకూడదు" అనేది ఇలా వస్తుంది.

ఇందులో మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, పై ఫోల్డర్ చూడగలిగిన 24 ఫ్లాట్ల వాళ్ళకి ఈ ఫోల్డర్ పేరు కనిపిస్తూనే ఉంటుంది, తెరవడం మాత్రం కుదరదు. అందుకని ఎవరి బాకీ గురించో, ఏ కోర్టు కేసు గురించో పేరులోనే రాసిపెట్టకండి. "బ్యాంకు" అన్న పేరుకి ఇబ్బంది లేదు. రెండు, ఈ సెట్టింగ్ ఫోల్డర్లకే ఉంది, విడి ఫైలుకి లేదు. ఒక్క ఫైలుని దాచాలన్నా దానికో ఫోల్డర్ చేసి అందులో పెట్టాల్సిందే. మూడు, దీన్ని చాలామంది గమనించరు: ఆ ఫోల్డర్‌లోని ఏదైనా ఫైలుని ఇంతకుముందు ఎవరికైనా విడిగా షేర్ చేసి ఉంటే, ఆ పర్మిషన్ అలాగే ఉంటుంది. ఫోల్డర్ తలుపు మూసినా, వాళ్ళు Shared with me లోంచి ఆ ఫైలుని తెరుస్తారు. బ్యాంకు ఫోల్డర్‌లో ఉన్న ఒక్కో ఫైలుకీ Share తెరిచి, లోపల ఎవరెవరి పేర్లున్నాయో చూసుకోండి.

ఇప్పుడు పై ఫోల్డర్‌కి రండి. కమిటీ ఐదుగురినీ ఎడిటర్ నుంచి వ్యూయర్‌కి దింపండి. ఇది ముందు చేసి, ఆ తర్వాతే సబ్‌ఫోల్డర్లలో పెంచండి. పైన ఎడిటర్‌గా ఉండగా సబ్‌ఫోల్డర్‌కి వెళ్తే వాళ్ళ పేర్లు అక్కడ ముందే ఎడిటర్‌గా కనిపిస్తాయి. ఏది పైనుంచి దిగింది, ఏది మీరు ఇచ్చింది అనేది కలగాపులగమైపోతుంది. దింపాక సెక్రటరీకి "మినిట్స్" ఫోల్డర్‌లో, ట్రెజరర్‌కి "మెయింటెనెన్స్ లెక్కలు" ఫోల్డర్‌లో ఎడిటర్ ఇవ్వండి. ఫైళ్ళు వందల్లో ఉంటే ఈ మార్పు కిందిదాకా దిగడానికి కొంత సమయం పడుతుంది. వెంటనే కనిపించలేదని మళ్ళీ మళ్ళీ మార్చకండి.

24 ఫ్లాట్ల వాళ్ళని పై ఫోల్డర్‌లో వ్యూయర్‌గా మెయిల్ ఐడీలతో చేర్చడమే నా సలహా. అందరి ఐడీలూ సేకరించడం కష్టం అనుకుంటే Anyone with the link పెట్టి, పాత్ర వ్యూయర్ ఉంచి, లింకుని వాట్సాప్ గ్రూపులో వేయొచ్చు. అయితే ఆ లింకు హక్కు కూడా మిగతా పర్మిషన్లలాగే సబ్‌ఫోల్డర్లన్నిటికీ దిగుతుంది, పరిమితం చేసిన బ్యాంకు ఫోల్డర్ ఒక్కటే దాన్ని ఆపుతుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిన అద్దెవాళ్ళ దగ్గర కూడా లింకు ఉండిపోతుంది, ఒక్కరిని తీసేయడానికి వీలుండదు. మెయిల్ ఐడీలైతే ఒక పేరు తీసేస్తే సరిపోతుంది.

ఆడిటర్ గారిని పై ఫోల్డర్‌లో చేర్చాల్సిన పనే లేదు. "మెయింటెనెన్స్ లెక్కలు" ఫోల్డర్ ఒక్కదానికే కామెంటర్‌గా చేర్చండి. కింది ఫోల్డర్ ఇచ్చినంత మాత్రాన పై ఫోల్డర్ కనిపించదు, పక్క ఫోల్డర్లూ కనిపించవు. ఆయనకి Shared with me లో ఆ ఒక్క ఫోల్డరే వస్తుంది.

కామెంటర్ అంటే ఏం చేయగలరో ఫైలు రకాన్ని బట్టి మారుతుంది, ఇక్కడే చాలామందికి సందేహం వస్తుంది. గూగుల్ డాక్స్‌లో కామెంటర్ టైప్ చేస్తే అది సజెషన్‌గా పడుతుంది, ఎడిటర్ ఒప్పుకుంటేనే అసలు పాఠంలో కలుస్తుంది. గూగుల్ షీట్స్‌లో అలాంటి సజెషన్ పద్ధతి లేదు. ఆడిటర్ గారు సెల్ మీద రైట్ క్లిక్ చేసి కామెంట్ రాయగలరు, అంతే, అంకె మార్చలేరు. ఉదాహరణకి జూన్ వరుసలో లిఫ్ట్ మరమ్మతు ఖర్చు ఎక్కువ పడిందని ఆయనకి అనిపిస్తే, ఆ సెల్ మీద "బిల్లు చూపండి" అని రాస్తారు. ట్రెజరర్ సరిదిద్ది, ఆ కామెంట్‌ని రిజాల్వ్ చేస్తారు. లెక్కలకి ఇదే మంచిది, ఎవరు ఏమడిగారో రికార్డుగా ఉంటుంది. ఫోల్డర్ వరకు వస్తే కామెంటర్‌కీ వ్యూయర్‌కీ తేడా లేదు, ఇద్దరూ అందులో కొత్త ఫైలు వేయలేరు, ఉన్నది తీయలేరు. ఆడిటర్ గారు తన రిపోర్టుని తానే అప్‌లోడ్ చేయాలంటే కామెంటర్ చాలదు. "ఆడిట్ రిపోర్టులు" అని లోపల ఇంకో ఫోల్డర్ చేసి, అక్కడ మాత్రం ఎడిటర్ ఇవ్వండి.

ఫోల్డర్ ఎడిటర్ అనే పాత్ర చాలా పెద్దది, పేరు వింటే అంత తెలియదు. ఫైలు మార్చడమొక్కటే కాదు, ఫోల్డర్‌లోంచి ఫైళ్ళని బయటికి తీసేయగలరు, వేరేచోటికి జరపగలరు, ఇంకొకరికి షేర్ చేయగలరు. షేర్ పెట్టె సెట్టింగ్స్‌లో, ఎడిటర్లు పర్మిషన్లు మార్చి షేర్ చేయడానికి అనుమతించే టిక్ ఉంటుంది. దాన్ని తీసేయండి. కానీ ఫోల్డర్ మీద తీసిన ఆ టిక్ ఆ ఫోల్డర్‌కి మాత్రమే వర్తిస్తుంది, లోపలి ఫైళ్ళకి దిగదు. ముఖ్యమైన ఫైళ్ళకి విడివిడిగా తీయాలి. డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ ఆపే సెట్టింగ్ కూడా ఇలాగే ఫైలు ఫైలుకీ పెట్టుకోవాల్సిందే.

జరపడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రహస్యాలు బయటపడేది ఎక్కువగా దీనివల్లే. ఫైలుని ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి లాగి పడేస్తే, పాత ఫోల్డర్ నుంచి వచ్చిన పర్మిషన్లు పోతాయి, కొత్త ఫోల్డర్‌వి వచ్చి చేరతాయి. ఫైలుకి నేరుగా ఇచ్చినవి మాత్రం దానితోపాటే వెళ్తాయి. ట్రెజరర్ బ్యాంకు స్టేట్‌మెంట్‌ని బ్యాంకు ఫోల్డర్‌లోంచి మెయింటెనెన్స్ లెక్కల్లోకి లాగితే, ఆ క్షణం నుంచి 24 ఫ్లాట్ల వాళ్ళూ దాన్ని చదవగలరు. జరిపే ముందు డ్రైవ్ ఒక హెచ్చరిక పెట్టె చూపిస్తుంది, ఎవరికి కొత్తగా కనిపిస్తుందో అందులో ఉంటుంది. చదవకుండా నొక్కేయొద్దని ట్రెజరర్‌కి చెప్పండి.

షార్ట్‌కట్ దీనికి ఉల్టా. ఒక ఫైలు షార్ట్‌కట్‌ని షేర్ చేసిన ఫోల్డర్‌లో పెట్టినంత మాత్రాన ఎవరికీ హక్కు రాదు. అసలు ఫైలు ఎక్కడుందో అక్కడి పర్మిషన్లే లెక్క. "ఫోల్డర్‌లో కనిపిస్తోంది కానీ తెరిస్తే యాక్సెస్ అడుగుతోంది" అని ఎవరైనా అంటే, అది షార్ట్‌కటేమో ముందు చూడండి.

చివరగా ఓనర్ సంగతి. ఎడిటర్ మీ ఫోల్డర్‌లో ఫైలు అప్‌లోడ్ చేస్తే, దాని ఓనర్ ఆ ఎడిటరే, మీరు కాదు. ఆ ఫైలు తినే జాగా కూడా ఆయన అకౌంట్‌లోదే. మీరు దాన్ని ఫోల్డర్‌లోంచి తీయగలరు గానీ శాశ్వతంగా డిలీట్ చేయలేరు. కమిటీ మారాక పాత సెక్రటరీ తన డ్రైవ్ శుభ్రం చేసుకుంటే, మీ మినిట్స్ కూడా అందులో పోవచ్చు. ఫోల్డర్ ఓనర్‌షిప్ మార్చుకున్నా లోపలి ఫైళ్ళ ఓనర్‌షిప్ మారదు, ఫైళ్ళకి విడిగా మార్చాలి. మామూలు జీమెయిల్ అకౌంట్లలో అవతలివాళ్ళు ఒప్పుకోవాలి కూడా. అందుకే అసోసియేషన్ పేరు మీద ఒక జీమెయిల్ అకౌంట్ పెట్టి, ఫోల్డర్లన్నిటికీ దాన్నే ఓనర్ చేసుకోండి. మినిట్స్, స్టేట్‌మెంట్లు, బిల్లుల లాంటివి ఆ అకౌంట్‌లోంచే అప్‌లోడ్ చేయండి. ఉచితంగా వచ్చే 15 జీబీ జీమెయిల్‌కీ ఫోటోస్‌కీ కూడా కలిపే, స్కాన్ కాగితాలకి అది సరిపోతుంది, పండగ వీడియోలకి సరిపోదు.

ఇప్పటికే కమిటీ వాళ్ళు వేసిన ఫైళ్ళు ఏవో తెలుసుకోవాలంటే, ఓనర్ అకౌంట్‌లో ఫోల్డర్ తెరిచి సెర్చ్ పెట్టెలో ఇది కొట్టండి:

```
-owner:me
```

మీవి కానివన్నీ వస్తాయి. వేరే ఫోల్డర్లవి కూడా కలిసి వస్తే సెర్చ్ ఫిల్టర్‌లో మీ ఫోల్డర్‌ని ఎంచుకోండి. ఎవరైనా ఎడిటర్ మీ ఫైలుని ఫోల్డర్‌లోంచి తీసేశారని అనుమానం ఉంటే, ఫైలు ఓనర్ అకౌంట్‌లో మై డ్రైవ్ పైవరుసలో చూడండి. అక్కడా లేకపోతే ఇలా వెతకండి:

```
is:unorganized owner:me
```

ఏ ఫోల్డర్‌లోనూ లేకుండా మిగిలిపోయిన ఫైళ్ళు దీంట్లో దొరుకుతాయి.

అంతా అమర్చాక ఓనర్ అకౌంట్ నుంచి చూసి సరిగ్గా ఉందనుకోవద్దు, ఓనర్‌కి అన్నీ తెరుచుకుంటాయి. ఇన్‌కాగ్నిటోలో చూస్తే లింకు ఉన్నవాళ్ళకి ఏం కనిపిస్తుందో మాత్రమే తెలుస్తుంది. ఒక ఫ్లాట్ వాళ్ళ ఫోన్‌లో, వాళ్ళ అకౌంట్‌తోనే పై ఫోల్డర్ తెరిపించండి. మినిట్స్ తెరవాలి, అందులో ఫైలు అప్‌లోడ్ చేయబోతే కుదరకూడదు, బ్యాంకు ఫోల్డర్ నొక్కితే తెరుచుకోకూడదు. ఆ తర్వాత కమిటీలో ట్రెజరర్ కాని ఒకరి ఫోన్‌లో బ్యాంకు ఫోల్డర్ తెరిచి చూడండి. స్టేట్‌మెంట్ చదవగలగాలి, పేరు మార్చబోతే కుదరకూడదు. అక్కడ పేరు మారిపోతే మాత్రం, ఆ మనిషి పై ఫోల్డర్‌లో ఇంకా ఎడిటర్‌గానే ఉండి పరిమితం చేసే సెట్టింగ్ కూడా ఆన్ అవలేదనో, ఆ మనిషికి బ్యాంకు ఫోల్డర్ మీదో ఆ ఫైలు మీదో విడిగా ఎడిటర్ ఉందనో అర్థం. ముందు ఫైలు Share పెట్టె తెరిచి ఆయన పేరు చూడండి.