పంచింది ఏమిటి, పంచనిది ఏమిటి: విభజన చట్టాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: సార్, మాది ఏటూరునాగారం. ఐదో తరగతి వరకు అక్కడే చదివాను, ఆరు నుంచి డిగ్రీ దాకా హనుమకొండలో. గ్రూప్-2కు తయారవుతున్నాను. రాష్ట్ర విభజనలో ఆస్తులను జనాభా లెక్కన పంచారని ఒక పుస్తకంలో ఉంది, ఎక్కడివి అక్కడే అని మరో పుస్తకంలో ఉంది. ఏది రాయాలి? కొత్త జిల్లాలు కూడా ఆ చట్టంతోనే వచ్చాయా? అసలు నేను ఇప్పుడు ఏ జిల్లా స్థానికురాలిని?

జవాబు: అమ్మా, రెండు పుస్తకాలూ సగం చెప్పి ఊరుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014 అన్ని ఆస్తులకూ ఒకే కొలత పెట్టలేదు. ఆ ఆస్తికి కదలని చోటు ఉందా, లేక అది రెండు ప్రాంతాల ఉమ్మడి అవసరం కోసం ఒక చోట పోగైనదా అన్న ప్రశ్న వేసుకుంటే ఏ కొలత ఎక్కడో మీకే తెలుస్తుంది.

భూమి, భవనాలు, సామగ్రి ఏ రాష్ట్రం హద్దులో ఉంటే ఆ రాష్ట్రానివే. వరంగల్‌లోని ప్రభుత్వ భవనం తెలంగాణది, గుంటూరులోనిది ఆంధ్రప్రదేశ్‌ది. ఇందులో గొడవ లేదు. ఖజానాలోని నగదు నిల్వకు అలాంటి చోటు ఉండదు. అది ఏ బ్యాంకులో ఉన్నా ఉమ్మడి రాష్ట్రమంతటి డబ్బు. కాబట్టి దాన్ని జనాభా నిష్పత్తిలో పంచమన్నారు. 2011 జనాభా లెక్కల ఆధారంగా ఆ నిష్పత్తిని చట్టంలోనే రాశారు: ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68. ప్రభుత్వ వాణిజ్య సంస్థల్లో రెండు కొలతలూ పక్కపక్కనే కనిపిస్తాయి. క్షేత్రస్థాయి యూనిట్ ఎక్కడుంటే అక్కడిదే, ప్రధాన కార్యాలయం మాత్రం జనాభా నిష్పత్తిలో. చాలా సంస్థల ప్రధాన కార్యాలయాలు హైదరాబాద్‌లో ఉన్నాయి. అందుకే ‘ప్రధాన కార్యాలయం’ అంటే ఒక్క పరిపాలనా భవనమా, దాని కింద ఉన్న భూములు, పెట్టుబడులు కూడానా అన్న తగవు ఏళ్ల తరబడి నడిచింది. ఈ వాణిజ్య సంస్థల జాబితా చట్టంలోని తొమ్మిదో షెడ్యూలులో ఉంది; వాటి పంపకానికి షీలా భిడే అధ్యక్షతన నిపుణుల కమిటీని వేయవలసి వచ్చింది.

అసలు చిక్కు శిక్షణ, విద్య వంటి సేవలందించే ఉమ్మడి సంస్థల జాబితా అయిన పదో షెడ్యూలులో ఉంది. ఒక్క కేసును పూర్తిగా చదివితే ఇది మీకు ఎప్పటికీ గుర్తుంటుంది. ఉమ్మడి రాష్ట్రపు ఉన్నత విద్యామండలి హైదరాబాద్‌లో ఉండేది, దాని డబ్బూ హైదరాబాద్ బ్యాంకు ఖాతాల్లోనే. విభజన తర్వాత తెలంగాణ తనకంటూ వేరే మండలిని ఏర్పాటు చేసుకుంది. పాత మండలి ఖాతాలు ఎవరివన్న వివాదం వచ్చి అవి స్తంభించాయి. సంస్థ మా ప్రాంతంలో ఉంది కాబట్టి మాదే అని తెలంగాణ వాదించింది. 75వ సెక్షన్ ఆధారంగా హైకోర్టు ఆ వాదననే ఒప్పుకుంది. 2016 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. కారణాన్ని జాగ్రత్తగా చూడండి. 75వ సెక్షన్ చెప్పేది సేవల గురించి మాత్రమే. పదో షెడ్యూలు సంస్థ తానున్న రాష్ట్రంతో పాటు రెండో రాష్ట్రానికి కూడా సదుపాయాలు ఆపకుండా అందించాలని, ఎంతకాలం, ఏ షరతులపై అన్నది రెండు రాష్ట్రాలూ ఏడాదిలోగా ఒప్పందంతో తేల్చుకోవాలని, కుదరకపోతే కేంద్రం నిర్ణయిస్తుందని అది అంటుంది. సంస్థ ఆస్తి ఎవరిదో అందులో ఒక్క మాట కూడా లేదు. కాబట్టి డబ్బును 58.32, 41.68 నిష్పత్తిలో పంచుకోవాలని కోర్టు చెప్పింది. రెండు రాష్ట్రాలూ రెండు నెలల్లో ఒప్పందానికి రాకపోతే కేంద్రం కమిటీ వేసి తేల్చాలని కూడా చెప్పింది. ఈ సూత్రం పదో షెడ్యూలులోని మిగతా సంస్థలన్నింటికీ వర్తిస్తుందా అన్న వాదన ఆ తర్వాతా సాగింది. అందుకని ‘అన్నింటికీ వర్తిస్తుంది’ అని పరీక్షలో తేల్చి రాయకండి. తీర్పు ఏ సంస్థ విషయంలో వచ్చిందో పేరుతో రాయండి.

రాజధాని గురించి చాలామంది అభ్యర్థులు తప్పు రాస్తారు. హైదరాబాద్ ఒక్క రోజు కూడా రెండు రాష్ట్రాల భూభాగం కాలేదు, కేంద్రపాలిత ప్రాంతమూ కాలేదు. 2014 జూన్ 2 నుంచి అది తెలంగాణ భూభాగమే. పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధానిగా ఉంటుందని ఐదో సెక్షన్ చెప్పింది, ఆ గడువు 2024 జూన్ 2న ముగిసింది. ఆ కాలంలో అక్కడి వారి ప్రాణ, ఆస్తి రక్షణ విషయంలో గవర్నర్‌కు ప్రత్యేక బాధ్యతను ఎనిమిదో సెక్షన్ ఇచ్చింది. ఇంతకు మించి ఉమ్మడి రాజధానిలో వెతకవలసిన మర్మం లేదు.

ఇక జిల్లాల సంగతి. రాష్ట్రం హద్దు మార్చడం రాజ్యాంగం మూడో అధికరణ కింద పార్లమెంటు పని. రాష్ట్రం లోపల జిల్లాను చీల్చడం రాష్ట్ర ప్రభుత్వం పని. మన పక్కనే మంచి ఉదాహరణ ఉంది. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలపాల్సి వచ్చినప్పుడు కేంద్రం ముందు ఆర్డినెన్స్ తెచ్చి, 2014 జులైలో పార్లమెంటులో చట్ట సవరణ చేయించింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, ఆనుకుని ఉన్న ఊళ్లు అటు వెళ్లింది ఆ సవరణ వల్లే. కానీ 2016 దసరా నాడు పది జిల్లాలు ముప్పై ఒకటి కావడానికి పార్లమెంటుతో పని పడలేదు. తెలంగాణ ప్రభుత్వమే జిల్లాల ఏర్పాటు చట్టం కింద నోటిఫికేషన్లు ఇచ్చింది. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. ఆ రెండు జిల్లాల మధ్య కొన్ని మండలాలూ చేతులు మారాయి కనుక పాత పటాలను నమ్మి జవాబు రాయకండి.

మీ మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎందుకంటే దాని మీద మీ ఉద్యోగమే ఆధారపడి ఉంది. జిల్లాలు మారాయి కాబట్టి ఉద్యోగాల్లో స్థానికుల వాటా కోసం 371డి అధికరణ కింద ఉన్న పాత రాష్ట్రపతి ఉత్తర్వు పనికిరాకుండా పోయి, 2018లో కొత్తది వచ్చింది. అందులో కొన్ని జిల్లాలు కలిస్తే జోన్, కొన్ని జోన్లు కలిస్తే మల్టీజోన్. దాని ప్రకారం ప్రత్యక్ష నియామకాల్లో జిల్లా, జోన్, మల్టీజోన్ కేడర్ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి తేలుస్తారు. మీరు ఐదేళ్లు ఏటూరునాగారంలో, రెండేళ్లు హనుమకొండలో చదివారు. అప్పుడు రెండూ వరంగల్ జిల్లాయే. ఇప్పుడు ఏటూరునాగారం ములుగు జిల్లాలో ఉంది. కాబట్టి మీరు ములుగు స్థానికురాలు. మీ జోన్ కాళేశ్వరం. మొదటి నుంచీ హనుమకొండలోనే చదివిన స్నేహితురాలు మీకు ఉంటే ఆమెది భద్రాద్రి జోన్. జనగామ వారిది యాదాద్రి జోన్, పైగా వారి మల్టీజోన్ కూడా వేరు. మీకూ మీ స్నేహితురాలికీ మల్టీజోన్ ఒకటే, కాబట్టి ఆ స్థాయి పోస్టులకు ఇద్దరూ స్థానికులే. జూనియర్ అసిస్టెంట్ వంటి జిల్లా కేడర్ పోస్టుకు మాత్రం మీరు హనుమకొండలో స్థానికురాలు కారు.

మీ రెండు బడుల నుంచీ ఏ తరగతి ఏ సంవత్సరం చదివారో స్పష్టంగా ఉన్న బోనఫైడ్ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకోండి. పాత రికార్డులో జిల్లా పేరు వరంగల్ అని ఉంటే భయపడకండి. బడి ఉన్న ఊరు, మండలం పేర్లు తప్పక ఉండేలా చూసుకోండి. దరఖాస్తులో ఆ బడి ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో ఆ పేరే నింపండి. డిగ్రీ చదివిన హనుమకొండను అలవాటుగా నింపితే పరిశీలన రోజున మీ సర్టిఫికెట్లకూ దరఖాస్తుకూ పొంతన కుదరదు.